పొలం అంగీకి ఒక వారం

మా వదిన కుట్టిన అంగీ గురించి నలుగురికీ చెప్పడానికి మాకు దొరికింది ఒక్క వారం. బళ్ళారిలో మేమిద్దరం పని చేసే జీన్స్ యూనిట్‌లో అప్పుడు ఆర్డర్లు పలచబడి ఉన్నాయి. మా సావుకారు మూలనున్న రెండు మిషన్లు వదినకు చూపించి, ఈ వారం నీ ఇష్టం, వచ్చే సోమవారం జీన్స్ గుడ్డ దిగుతుంది అన్నాడు. ఆలోపల అంగీని అడిగేవాళ్ళు కనబడితే ఒక మిషను ఆమెకే వదిలేస్తానన్నాడు. కనబడకపోతే ఆమె మళ్ళీ వెనక జేబులు కుట్టే వరసలో కూర్చోవాలి. ఆ వరసలో ఆమె చాలా ఏళ్ళుగా ఉంది. ప్యాంటు మొత్తం తన చేతిమీదుగా తయారవడం ఒక్కసారీ చూడలేదు. అందరూ ఎక్కడో తొడుక్కుని తిరిగే ప్యాంట్లలో వెనక జేబు మాత్రం ఆమెది.

అంగీ ఆలోచన ఆమెదే. వదిన పుట్టిల్లు సిరుగుప్ప దగ్గర దేశనూరు. పెళ్ళికి ముందు వాళ్ళమ్మతో పాటు, పెళ్ళయ్యాక కూడా కొన్నాళ్ళు, నాట్లకు పోయేది. మా వైపు పొలం పనికి పోయే ఆడవాళ్ళంతా చీర మీద మొగుడి పాత ఫుల్లు చేతుల అంగీ తొడుక్కుంటారు. ఎండ, వరి ఆకు కోత, మిరపకాయ మంట, అన్నిటికీ అదే అడ్డం. కానీ ఆ అంగీ ఆడమనిషి కోసం కుట్టింది కాదు. భుజాలు జారతాయి. చేతులు మణికట్టు దాటి నీళ్ళలో నానతాయి. జేబు రొమ్ము మీద ఉంటుంది కాబట్టి వంగితే ఫోను, ఆకూవక్కల సంచి బురదలో పడతాయి. వదిన పలచటి నూలు గుడ్డ తీసుకుని, మెడ వెనక ఎండ తగలకుండా కాలరు ఎత్తు పెంచి, జేబును నడుము పక్కకు దించి దానికి మూత పెట్టి, చీర కుచ్చిళ్ళు ఇమడడానికి పక్కల చీలిక ఇచ్చి ఒక అంగీ కుట్టింది. రంగు ఇటుకపొడి రంగు. బురద కనబడదు, నలుపులాగా వేడి పుట్టదు.

నేను యూనిట్‌లో పార్శెళ్ళు కట్టేవాణ్ణి. ఫోనులో యూనిట్ పేజీ చూసుకునే పని కూడా నాదే, ఎందుకంటే చదివేవాడినని పేరు. ఆ పేరు నేనే సంపాదించుకున్నాను. బడిలో నేను చదివింది కన్నడం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కానీ తెలుగు అక్షరం ఎవరూ నేర్పలేదు. ఊరి లైబ్రరీలో తెలుగు పేపరూ కన్నడ పేపరూ పక్కపక్కన పరుచుకుని, ఒకే వార్తను రెండిట్లో చూస్తూ, తలకట్టు తేడాలు పట్టుకుంటూ నేర్చుకున్నాను. రెండూ అక్కాచెల్లెళ్ళలాంటి లిపులు, ఓపిక ఉంటే ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి నడిచి పోవచ్చు. నేను నడిచాను. ఆ తర్వాత ఆ బీరువాల్లో నేను ముట్టని పుస్తకం లేదంటే ఇప్పటికీ నా గొంతు కొంచెం పెద్దదవుతుంది. వ్యాపార ప్రకటనల గురించిన పుస్తకాలు కూడా ఉండేవి, ఒకటి రెండు ఇంగ్లీషువి. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను.

వాటి ప్రకారం వారాన్ని మూడు పోస్టులుగా విడగొట్టాను. సోమవారం టీజరు. వస్తువును చూపించకూడదు, దాని అవసరాన్ని మాత్రం చూపించి ఒక ప్రశ్న మిగల్చాలి. గురువారం సాయంత్రం అసలు అంగీ. ఆ పోస్టు టీజరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి, ధర, సైజులు, ఎలా అడగాలన్నది అన్నీ అందులోనే ఉండాలి, వెతుక్కునే పని పెట్టకూడదు. ఆదివారం మూడోది. మధ్య రెండు రోజుల్లో జనం ఏం అడిగారో దానికి జవాబు. ఇది కూడా పుస్తకంలో ఉంది, చదివాను. కానీ ఖాళీగా ఉంచుకోవడం నా వల్ల కాలేదు. మూడోది కూడా ముందే రాసి, ఆదివారం పొద్దున దానంతటది పోయేలా టైము పెట్టేశాను. మీ ఆదరణకు కృతజ్ఞతలు అని మొదలవుతుంది. ఆదరణ ఇంకా రాలేదు, కృతజ్ఞత తయారు.

టీజరుకు, లారీ నడిపే మా అన్న పాత అంగీ తీసుకున్నాను. వదిన నాట్లకు పోయిన కాలం నుంచీ, ఇప్పుడు ఇంట్లో మిద్దె కడిగేటప్పుడూ తొడుక్కునేది అదే. దాన్ని కొక్కేనికి తగిలించి, వెనక నల్ల గుడ్డ కట్టి, కిటికీ వెలుతురులో ఫోటో తీశాను. చుట్టూ ఖాళీ వదలాలని పుస్తకం. పైన తెల్లటి తెలుగు అక్షరాలతో, మెలికలు తిరిగిన అందమైన రాతలో ఇలా రాశాను: ఇన్నేళ్ళూ ఈ అంగీ ఇద్దరిది. గురువారం నుంచి కాదు.

ఆ రెండు వాక్యాలు యూనిట్‌లో అందరికీ చదివి వినిపించాను. సావుకారు తల ఊపాడు. వదిన ఇంకోసారి చదవమంది. చదివాను. బాగుందంది. సోమవారం పొద్దుగూకే వేళకు, కూలి గుంపులు ఆటోల్లో ఇళ్ళకు చేరి ఫోన్లు తీసే సమయం చూసి, పేజీలో పెట్టాను. వదిన తన స్టేటస్‌లో పెట్టింది. దేశనూరు, కంప్లి వైపు గుంపులను పనికి పిలిచే పెద్దమనుషులకు పంపమని ఆమెకు చెప్పాను, ఎందుకంటే ఒక గుంపంతటికీ కబురు పోయేది ఆ ఒక్క ఫోను నుంచే. స్టేటస్ ఒక రోజుకే మాయమైపోతుంది కాబట్టి మంగళవారం మళ్ళీ పెట్టాలని కూడా చెప్పాను.

ఆ తర్వాత నాకు నిలకడ లేకుండా పోయింది. పార్శెలుకు తాడు కడుతూ మధ్యలో వదిలేసి ఫోను చూస్తాను. బయటికి పోయి టీ చెప్పి, రాకముందే లోపలికి వస్తాను. వదిన మిషను ఆపకుండా కుడుతూనే ఉంది, కానీ ఆమె కాలు కూడా ఊరికే పెడలు మీద ఆడుతోందని కుట్టుశబ్దం చెప్పేది.

మంగళవారం పొద్దుటికి వదిన స్టేటస్‌కు జవాబులు చాలా వచ్చాయి. మాటలు కావు, దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. వరసగా అవే. నేను ఉప్పొంగిపోయాను. ఇంత గౌరవంగా ఎదురుచూస్తున్నారని సావుకారుకు చూపించాను. ఆయన కూడా మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. మళ్ళీ స్టేటస్ పెట్టించాను. ఇంకా చేతులు వచ్చాయి.

మధ్యాహ్నం వదినకు ఫోను వచ్చింది. దేశనూరులో గుంపును నడిపే పెద్దావిడ, వదినకు వరసకు అత్త అవుతుంది. స్పీకరు పెట్టి మాట్లాడుతూ గుడ్డ కత్తిరిస్తోంది వదిన. అటువైపు గొంతు మెల్లగా ఉంది.

"అమ్మీ, ధైర్యంగా ఉండావా? ఎట్ల జరిగిండేది? లారీలోనేనా?"

వదిన కత్తెర ఆగింది. "ఏంది అత్తా, ఎవురికి?"

"మీ ఆయనకే కదమ్మీ. అంగీ పెట్టిండావు కదా స్టేటస్‌లో, నల్లగా. గురువారం దినం చేస్తాండారంట, మా గుంపంతా మాట్లాడుకొంటాండారు. వచ్చేది ఎట్లని."

మా అన్న ఆ సమయానికి కుడతినిలో కరెంటు ఫ్యాక్టరీ దగ్గర బూడిద లారీ నింపుకుంటూ బ్రహ్మాండంగా ఉన్నాడు. మా వైపు ఎవరైనా పోతే ఇంటివాళ్ళు నల్లటి బొమ్మ మీద ఫోటో పెట్టి, కింద దినం తారీఖు రాసి స్టేటస్‌లో వేస్తారు. అందరూ దణ్ణం పెట్టే చేతులు పంపుతారు. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఆ చేతులు నేనే ఎన్నోసార్లు పంపాను. కానీ నాకు ఆ బొమ్మలో అక్షరాలు కనబడుతున్నాయి, వాళ్ళకు కనబడలేదు. తెలుగు మాట్లాడే ఆ ఆడవాళ్ళలో బడికి పోయినవాళ్ళు కన్నడం చదివారు. అచ్చు అక్షరమైతే కూడబలుక్కుని చదివేవాళ్ళేమో. నా మెలికల రాతను ఎవరు కూడబలుక్కుంటారు? మధ్యలో ఉన్న గురువారం అనే మాట మాత్రం ఎవరో పట్టుకున్నారు. ఖాళీ అంగీ, నలుపు, గురువారం. అంతే చాలు.

వదిన అత్తకు సర్దిచెప్పి ఫోను పెట్టేసింది. నన్ను తిట్టలేదు. స్టేటస్ తీసేసింది. అన్నకు ఫోను చేసింది. అన్న అప్పటికే విసిగి ఉన్నాడు. పొద్దుటినుంచి తన నంబరుకు ఫోన్లు వస్తున్నాయట. తాను హలో అనగానే అటువైపు మాట పడిపోతోందట. ఒకాయన మాత్రం ధైర్యం చేసి, నువ్వెవరు అని అడిగాడట.

"నేనే మాట్లాడ్తాండా అంటే నమ్మడంలేదు. ఏం చేస్తిరి మీరిద్దరూ ఆడ?" అన్నాడు అన్న.

వదిన నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఇంకా భయం వేసింది. నవ్వు ఆగాక నా వైపు తిరిగింది.

"నువ్వు సదివితే బాగుండాదప్పా. అందుకే నేను సరే అంటి. నాకు మాత్రం ఆ అక్షరం వస్తాదా? నువ్వు అందరి ఇండ్లకూ పోయి సదివి వస్తావా?"

ఆమెకు తెలుగు అక్షరం రాదని నాకు తెలుసు. పెళ్ళయినప్పటినుంచీ వాళ్ళ అన్న ఉత్తరాలు కూడా కన్నడ లిపిలోనే వచ్చేవి. నేను వినిపించిన ప్రతిదీ ఆమె విని ఒప్పుకుంది, నేను దాన్ని చదివి ఒప్పుకున్నట్టు లెక్కేసుకున్నాను.

సావుకారు గురువారం పోస్టు ఆపేద్దామన్నాడు. చావు వార్త మీద వ్యాపారం నడవదన్నాడు. నాకూ అదే అనిపించింది. కానీ ఆపితే ఆదివారం వచ్చేస్తుంది, సోమవారం గుడ్డ దిగుతుంది. నేను లైబ్రరీకి పోయి ఆ పుస్తకాల బీరువా ముందు నిలబడ్డాను. ఒకటి తీశాను, పేజీలు తిప్పాను, పెట్టేశాను. కూర్చోలేకపోయాను. బయటికి వచ్చి బస్టాండు దాకా నడిచి మళ్ళీ యూనిట్‌కు వచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. టీజరు ఒక ప్రశ్న మిగల్చాలని కదా, మిగిల్చింది. నేను అనుకున్న ప్రశ్న కాదు, అంతే. అన్న ఉన్నాడా పోయాడా అని మూడు ఊళ్ళు అడుగుతున్నాయి. దానికి జవాబు చెప్పేది ఒక్కడే.

అన్న చేతనే వీడియోలో మాట్లాడిద్దామని వదినకు చెప్పాను. ఆమె దారం కొరికి, "మీ అన్న ఒప్పుకోడు," అంది. అన్న వెంటనే ఒప్పుకున్నాడు. ఫోన్లతో వేగిపోయినవాడు.

బుధవారం ఇంటి వసారాలో వీడియో తీశాము. మొదట అన్న, బూడిద లారీ దిగివచ్చిన బట్టల్లోనే, చేతిలో ఆ పాత అంగీ. చదవకుండా, నేను రాసివ్వకుండా, తన నోటికొచ్చినట్టు మాట్లాడాడు.

"ఈ అంగీ చూసి నేను పోయినాననుకొన్రి. నేను యాడికీ పోలేదు. పోయిండేది అంగీనే, మా ఇంటామె ఏసుకొని పోతాండె. ఇప్పుడు ఆమెకు ఆమె అంగీ వచ్చింది. నా అంగీ నాకు వచ్చింది."

తర్వాత వదిన. ముఖం వద్దంది, కూలి బట్టల్లో ఫోటో దిగడానికి మా వైపు ఆడవాళ్ళు ఒప్పుకోరు, ఫోటో అంటే ముందు ఆ అంగీ విప్పేస్తారు. నేను బలవంతం చేయలేదు. మెడ కిందనుంచి తీశాను. ఆమె కొత్త అంగీ తొడుక్కుని జేబులో ఫోను పెట్టి మూత వేసి, నాటు వేసే తీరులో వంగింది. ఫోను పడలేదు. లేచింది, మళ్ళీ వంగింది. వెనక నుంచి ఆమె గొంతు, ఆ జేబు, ఆ కాలరు ఎందుకో దేశనూరు మాటలో చెబుతుంది. ధర, మూడు సైజులు, ఈ నంబరుకు మాట రికార్డు చేసి పంపండి, రాయనక్కర్లేదు అని చివర్లో. స్టేటస్‌లో సరిపోయేలా పొట్టిగా కోశాను. కింద పెద్ద సాదా అక్షరాలతో కన్నడంలోనూ తెలుగులోనూ అంగీ పేరు, ధర. మెలికలు లేవు.

గురువారం సాయంత్రం వీడియో పేజీలోకీ స్టేటస్‌లోకీ పోయింది. నేను ఫోను వదినకు ఇచ్చేసి, పార్శెళ్ళ గదిలో తలుపు వేసుకున్నాను. అక్కడా నిలవలేకపోయాను. గుడ్డ చుట్టలను ఈ గోడనుంచి ఆ గోడకు సర్దాను. వచ్చేసరికి వదిన ఫోనులో మాటల వరస వస్తోంది. చేతుల బొమ్మలు కాదు, మాటలు. దేశనూరు అత్త మొదటిది: మీ ఆయన గొంతు విని మా గుంపంతా నవ్వి నవ్వి సచ్చినారు, అంగీ నాకొకటి, మా వాళ్ళను అడిగి చెప్తా.

శుక్ర, శని వారాల్లో వచ్చిన వాటిల్లో ఒకే చిక్కు. సైజు. నేను మూడు సైజులకు ఛాతీ కొలతలు రాశాను. ఎవరికీ వాళ్ళ కొలత తెలియదు. రవికె అంటే దర్జీకి పాత రవికె ఇస్తారు, అంగీ అంటే మొగుడిది. అందుకే అందరూ ఒకే తీరులో చెబుతున్నారు: మా ఆయన అంగీ నాకు భుజం మీద జారతాది, మా ఆయనది నాకు గుండీ పడదు, మా ఆయన సన్నగా ఉంటాడు, నేను కాదు. వదిన అవన్నీ వింటూ ఉంది. చిన్నది ఎవరికి, మధ్యది ఎవరికి, పెద్దది ఎవరికి అని మొగుడి అంగీ లెక్కలోనే చెప్పవచ్చని మాకిద్దరికీ ఒకేసారి తట్టింది. భుజం జారితే చిన్నది. సరిగ్గా నిలిస్తే మధ్యది. గుండీ పడకపోతే పెద్దది. ఆదివారం పోస్టు ఇదే అన్నాను. ముందే టైము పెట్టిన నా కృతజ్ఞతలు తీసేశాను. తీసేటప్పుడు ఒకసారి చదువుకున్నాను. బాగానే రాశాను.

శనివారం సాయంత్రం కంప్లి వైపునుంచి ఇంకో మాట వచ్చింది. కొత్త గొంతు. తొందర లేని గొంతు.

"అక్కా, నాకు మొగుడు లేడు. ఆయనది ఒకే అంగీ మిగిలిండాది. దాన్నే ఏసుకొని నాట్లకు పోతాండా. చేతుల కాడ చినుగుతాండాది. అది చినిగిపోతే ఇంకేం లేదు నా దగ్గర. మీ అంగీ ఒకటి కావాల."

మేము దాన్ని రెండోసారి వినలేదు. సావుకారు కూడా అక్కడే ఉన్నాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ బయటికి పోయాడు. నేను మాత్రం పోస్టు గురించే ఆలోచిస్తున్నాను. కొన్న మనిషి మాట, తన నోటితో, అంతకంటే బలమైనది ఇంకేదీ లేదని చదివాను. సైజుల సంగతి తర్వాత ఎప్పుడైనా చెప్పవచ్చు. ఇది పెడితే ఒక్క మిషను కాదు, రెండూ మనవే అవుతాయి. పేరు చెప్పం, ఊరు చెప్పం. గొంతే కదా. వదినతో ఇదంతా చెప్పాను. చెబుతూ చెబుతూ మిషన్ల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాను. ఆమె విన్నంతసేపు వింది.

"అది మనకు పంపిండేదప్పా. ఊరికి కాదు," అంది.

"ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియదు కదా వదినా."

"గొంతు పట్టుకోరా? ఆ గుంపులో ఉండేది పదిమంది. మీ అన్న అంగీ పెట్టినప్పుడు నన్నే ముండమోపిని చేస్తిరి రెండు దినాలు. ఎట్లుంటాదో నాకు తెలుసు. సుమ్నె ఉండు."

సుమ్నె ఉండు అంటే ఊరుకో అని. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం కష్టమైంది. ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా నోటిదాకా వచ్చి మింగాను.

ఆదివారం పొద్దున సైజుల పోస్టు వదిన గొంతుతో పోయింది. అన్న పాత అంగీనే మళ్ళీ చేతిలో పెట్టుకుని, భుజం ఎక్కడ జారుతుందో వేలితో చూపిస్తూ చెప్పింది. చివరలో ఒక మాట తనే కలిపింది, నాకు చెప్పలేదు: కొలవడానికి అంగీ లేనివాళ్ళు అట్లే చెప్పండి, మీ రవికె చాలు, నేను చూసుకుంటా. ఆ రోజంతా పెద్దగా ఏమీ రాలేదు. నేను మధ్యాహ్నానికి ఆశ వదిలేశాను. సాయంత్రం దేశనూరు అత్త తన గుంపు సైజులన్నీ ఒకే రికార్డులో చెప్పి పంపింది, మధ్యలో ఎవరో పక్కనుంచి దిద్దుతున్నారు, నాకు చిన్నది కాదక్కా పెద్దది అని. దాని తర్వాత కంప్లి వైపు గుంపు ఒకటి. అంతే.

సావుకారు సోమవారం గుడ్డ దింపించాడు. మనసులో ఏం లెక్క వేసుకున్నాడో తెలియదు, రెండింటిలో ఒక మిషను మీదకు జీన్స్ ముక్కలు తెచ్చి పెట్టాడు. రెండోదాని మీద ఏమీ పెట్టలేదు. వదిన వెళ్ళి దాని ముందు కూర్చుంది.

ఆమె మొదట కుట్టింది దేశనూరు గుంపువి కాదు. కంప్లి ఆవిడ రవికె పంపలేదు. చాపమీద ఆ ఒక్క అంగీని పరిచి, పక్కన తన చెయ్యి పెట్టి ఫోటో పంపింది, జానతో కొలుచుకోమని. కఫ్‌ల దగ్గర దారాలు వేలాడుతున్నాయి. వదిన ఫోను మిషను పక్కన నిలబెట్టుకుని, జాన లెక్కేసుకుని గుడ్డ కత్తిరించింది. నేను పార్శెలు కట్టాలి. విలాసం కన్నడంలో రాయమంది. రాశాను, అచ్చు అక్షరాల్లాగా విడివిడిగా.